15 వేలలో రెండు ఫోన్లు: ఏది పనికొస్తుందో కొనకముందే తేల్చుకోవడం ఎలా

సంక్రాంతి ముందు ఆదివారం మా బావమరిది శ్రీను గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. "బావా, రెండు ఫోన్ల దగ్గర ఆగిపోయాను. రెండూ 50 మెగాపిక్సెలే. ఒకదానికి బ్యాటరీ పెద్దది, ఇంకోదానికి రేటు పెద్దది. ఏది తీసుకోమంటావ్?" అని. వాడు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తా. పొద్దున్నే టిక్కీ బస్తా విప్పి, గుప్పెడు కాయలు తీసి, ఫొటో కొట్టి బయటి ఊళ్ల వ్యాపారులకు వాట్సాప్‌లో పంపుతాడు. ఆ తర్వాత సాయంత్రం దాకా ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంటాడు. జేబులో ఉన్నది 15 వేలు.

నేనుండేది విజయవాడ. చుట్టాల్లో ఎవరు ఫోన్ కొన్నా ముందు నా చెవి నమలడం ఆనవాయితీ. ఇన్నేళ్లుగా చూసి నేను నేర్చుకున్నది ఒకటే. ఈ రేటులో కొత్త ఫోన్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఏదీ తేలదు. బీసెంట్ రోడ్డులో ఏ షాపుకెళ్లినా అద్దాల కింద ఉన్న ఫోన్లన్నీ తళతళలాడుతూనే ఉంటాయి. తేలాలంటే ఆ మోడళ్లనే ఆరేడు నెలలుగా వాడుతున్న మనుషులను పట్టుకోవాలి. మన ఊళ్లలో అది పెద్ద కష్టం కాదు. ఈ రేటు ఫోన్లు ఆఫీసులో, పక్కింట్లో, పెళ్లి పందిట్లో ఎక్కడో ఒకచోట కనబడతాయి. ఒక్క ఆదివారం మధ్యాహ్నం రెండూ మీ చేతికొస్తే చాలు.

శ్రీను చెప్పిన రెండింటినీ ఇక్కడ నల్ల ఫోను, నీలం ఫోను అంటాను. నల్లదాని రేటు 12,999 రూపాయలు, బ్యాటరీ 6000 ఎంఏహెచ్, స్క్రీన్ ఎల్‌సీడీ, డబ్బాలో ఛార్జర్ ఉంది. నీలందాని రేటు 13,999, బ్యాటరీ 5000, స్క్రీన్ ఆమోలెడ్, ఛార్జర్ లేదు. కొనడానికి కూర్చునేముందు మీరూ ఇలా ఒక కాగితం మీద రాసుకోండి, ఛార్జర్ రేటుతో సహా. నీలందానికి ఛార్జర్ మరో 1,099 అయింది. అంటే అసలు పోటీ 12,999కీ 15,098కీ మధ్య. ఇంట్లో పాత ఛార్జర్ ఉందిగా అంటారేమో. వేరే కంపెనీ ఫాస్ట్ ఛార్జర్ పెడితే ఛార్జింగ్ ఎక్కుతుంది గానీ, చాలాసార్లు నత్తనడకన ఎక్కుతుంది. ఆ పాత ఛార్జర్‌తో ఒక గంటలో ఎంత శాతం ఎక్కుతోందో చూశాకే దాన్ని లెక్కలోంచి తీసెయ్యండి.

ముందు అప్‌డేట్ల లెక్క తేల్చండి

అందరూ బ్యాటరీతో మొదలుపెడతారు. నేను అప్‌డేట్లతో మొదలుపెడతాను. ఎందుకంటే ఇది ఇంట్లో కూర్చునే తేలిపోతుంది, ఒక్కోసారి రెండింట్లో ఒకదాన్ని ఇక్కడే పక్కన పెట్టేయవచ్చు.

కంపెనీ ఇచ్చే మాటలో రెండు అంకెలుంటాయి. ఎన్ని ఆండ్రాయిడ్ వెర్షన్లు ఇస్తారన్నది ఒకటి, ఎన్నేళ్లు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తారన్నది రెండోది. షాపులో కుర్రాడు పెద్ద అంకె ఒక్కటే చెబుతాడు. మీరు రెండూ విడివిడిగా అడగండి. శ్రీను లాంటివాడికి రెండో అంకే ముఖ్యం. ఫోన్‌పేలో రోజూ డబ్బులు తిరిగే ఫోనుకు కొత్త రంగుల మెనూ రాకపోయినా ఫర్వాలేదు గానీ, కనిపెట్టిన లోపాలకు ప్యాచ్ రాకపోతే ప్రమాదం.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. మొదటిది, ఆ ఏళ్లు మీరు కొన్న రోజు నుంచి లెక్కకు రావు, ఆ మోడల్ మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి వస్తాయి. ఉదాహరణకు శాంసంగ్ గెలాక్సీ ఎ16 5జి 2024 అక్టోబరులో ఆరేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్ల మాటతో వచ్చింది. దాన్ని 2026లో కొన్నా గడువు 2030 చివరికే అయిపోతుంది, మీకోసం రెండేళ్లు పొడిగించరు. అందుకే పండగ ఆఫర్లో బాగా తగ్గించి అమ్ముతున్న పాత మోడల్ చూసినప్పుడు, తగ్గిన డబ్బుతోపాటు తగ్గిన నెలలు కూడా లెక్క వెయ్యాలి.

రెండో మెలిక ఇంకా చల్లగా దెబ్బ కొడుతుంది. ఆండ్రాయిడ్ 15 గూగుల్ పిక్సెల్ ఫోన్లకు 2024 అక్టోబరులో వచ్చింది. మన నల్ల ఫోను 2025 ఫిబ్రవరిలో విడుదలైంది, కానీ ఆండ్రాయిడ్ 14తో. "రెండు వెర్షన్ల అప్‌డేట్లు" అని డబ్బా మీద ఉంది. నిజమే. అయితే అందులో ఒకటి, ఫోను పుట్టేసరికే బయటికొచ్చేసిన వెర్షన్‌ను అందుకోవడానికే సరిపోతుంది. ఆండ్రాయిడ్ 16తో దాని కథ ముగుస్తుంది. ఆ 16 కూడా 2025 జూన్‌లోనే వచ్చేసింది. కాబట్టి ఎన్ని వెర్షన్లు అని అడక్కండి, ఏ నంబరు దాకా అని అడగండి.

ఇదంతా కంపెనీ ఇచ్చిన మాట. ఆ మాట నిలబెట్టుకుంటుందో లేదో తెలియాలంటే వాడుతున్న ఫోను చూడాలి. అదే కంపెనీ, అదే రేటు ఫోను, కొని ఏడాదో ఏడాదిన్నరో అయినది ఎవరి దగ్గరున్నా ఒక్క నిమిషం అడిగి తీసుకోండి. `Settings`లో `About phone`, అందులో `Android version` నొక్కితే `Android security update` అనే వరస కనబడుతుంది. కొన్ని ఫోన్లలో ఇది `Software information` కింద ఉంటుంది. దాని పక్కన ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీకీ ఇవాళ్టికీ ఎన్ని నెలలు తేడా ఉందో అదే ఆ కంపెనీ అసలు వేగం. అయితే వాళ్లు అప్‌డేట్ వచ్చినా పెట్టుకోకుండా వదిలేసి ఉండొచ్చు. అందుకని `Software update` నొక్కి, పెట్టాల్సింది ఏమైనా మిగిలిందేమో చూశాకే తీర్పు చెప్పండి.

మేం చూసింది జనవరి రెండో వారంలో. నీలం కంపెనీ పాత ఫోనులో 2025 డిసెంబరు ప్యాచ్ ఉంది. నల్ల కంపెనీ పాత ఫోనులో తేదీ 2025 ఆగస్టు, పెండింగ్ అప్‌డేట్ ఏదీ లేదు. అంటే ఐదు నెలల వెనక. మూడు నెలలకోసారి ప్యాచ్ ఇచ్చే ఫోన్లు ఈ రేటులో మామూలే కాబట్టి మూడు దాకా నేను పట్టించుకోను. ఐదంటే మాత్రం ఆలోచించాలి. శాంసంగ్ ఫోనైతే ఎవర్నీ అడగక్కర్లేదు, security.samsungmobile.com లో ఏ మోడల్‌కు నెలనెలా ఇస్తున్నారో, ఏ మోడల్‌కు మూడు నెలలకోసారి ఇస్తున్నారో జాబితా ఉంటుంది. అందులో పేరే లేకపోతే దాని కాలం చెల్లినట్టే.

నల్లదానికి సెక్యూరిటీ మాట మూడేళ్లు, అంటే 2028 ఫిబ్రవరి వరకు. నీలంది 2025 మార్చిలో వచ్చింది, ఐదేళ్ల మాట, అంటే 2030 మార్చి వరకు. ఈ తేదీలు కాగితం మీద రాసి పక్కన పెట్టాం. డబ్బు లెక్క చివర్లో చేద్దాం.

బ్యాటరీ: ఇంట్లో ఒక లెక్క, ఎండలో ఇంకో లెక్క

నల్ల ఫోను శ్రీను పక్క కొట్టు గుమాస్తాది, వాడబట్టి ఎనిమిది నెలలు. నీలంది మా పక్కింటి అమ్మాయిది, తొమ్మిది నెలలు. వయసులు దగ్గరగా ఉండటం చూసుకోండి. ఒకటి నెల రోజులదీ ఇంకోటి రెండేళ్లదీ అయితే మీరు పోల్చేది ఫోన్లను కాదు, బ్యాటరీల ముసలితనాన్ని.

రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, ముందుగా ఆటోమేటిక్ బ్రైట్‌నెస్ తీసేయండి. తర్వాత రెండింట్లోనూ ఒకే తెల్ల పేజీ తెరవండి. బ్రైట్‌నెస్ గీతను రెండింట్లోనూ సగానికి జరిపితే సమానమైనట్టు కాదు, ఒక ఫోను సగం ఇంకో ఫోను మూడొంతులంత వెలగొచ్చు. కంటికి రెండు తెల్ల పేజీలూ ఒకేలా కనబడేదాకా జరపండి. అలా సరిపెట్టడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, మా ఆవిడకు అర నిమిషం. బ్యాటరీ సేవర్ తీసేసి, రెండింటినీ ఒకే వైఫైకి కలిపి, వెనకాల ఏ యాప్ అప్‌డేట్లూ నడవకుండా చూసి, ఒకే యూట్యూబ్ వీడియో ఒకే క్వాలిటీలో పెట్టండి.

నూరు శాతం నుంచి మొదలుపెట్టొద్దు. చాలా ఫోన్లు మొదటి ఒకటి రెండు శాతాలు తగ్గినట్టు వెంటనే చూపించవు. 90 దగ్గర మొదలుపెట్టి కనీసం రెండు గంటలు నడపండి. గంటకే ఆపితే ఎనిమిదా తొమ్మిదా అన్న తేడా దగ్గర ఆగిపోతారు, ఆ ఒక్క శాతం అంకె ఎప్పుడు మారిందన్న అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

మా ఇంట్లో భోజనాల తర్వాత రెండు గంటలు నడిపితే నల్లది 17 శాతం తగ్గింది, నీలంది 14. ఇప్పుడు ఈ శాతాలను గంటల్లోకి మార్చాలి. రెండు గంటలకు 17 అంటే, నూటికి దగ్గర దగ్గర 11 గంటల 45 నిమిషాలు. 14 అంటే 14 గంటలు దాటుతుంది. చిన్న బ్యాటరీ ఫోను రెండున్నర గంటలు ఎక్కువొచ్చింది. శ్రీను నమ్మలేదు. "అదెలా బావా, దీంట్లో వెయ్యి ఎక్కువుందిగా?" అన్నాడు. ఉంది. కానీ 6000లో 17 శాతం అంటే 1020 ఎంఏహెచ్ తాగింది, 5000లో 14 శాతం అంటే 700. తొట్టి పెద్దదే గానీ కుళాయి కూడా పెద్దది. స్క్రీన్, ప్రాసెసర్ ఎంత తింటాయన్నది డబ్బా మీద రాయరు.

ఇక్కడితో ఆగిపోతే నీలందే గెలిచినట్టు. నేనూ ఒకప్పుడు ఇక్కడే ఆగేవాణ్ణి. రెండేళ్ల కిందట మా మేనత్త కొడుక్కి ఇలాగే ఇంట్లో పరీక్షించి ఒక ఫోను చెప్పాను. వాడు రోజంతా బండి మీద తిరిగే మనిషి. మధ్యాహ్నం మూడింటికే ఛార్జింగ్ అయిపోతోందని ఇప్పటికీ పెళ్లిళ్లలో దెప్పుతుంటాడు. పరీక్ష తప్పు కాదు, చేసిన చోటు తప్పు.

శ్రీను పని రేకుల షెడ్లలో, ఆరుబయట. అందుకని మర్నాడు పొద్దున అక్కడే చేయించాను. ఎండలో స్క్రీన్ కనబడేలా ఆటోమేటిక్ బ్రైట్‌నెస్ మళ్లీ పెట్టి, వైఫై తీసేసి, రెండింట్లోనూ ఒకే నెట్‌వర్క్ సిమ్ వేసి, ఒక గంటసేపు ఫొటోలు తీయడం, వాట్సాప్ కాల్స్, మెసేజ్‌లు. ఈసారి నల్లది 16 శాతం తగ్గింది, నీలంది 19. మిల్లీ ఆంపియర్లలో చూస్తే 960, 950. తాగుడు సమానమైపోయింది, అందుకే పెద్ద తొట్టి గెలిచింది. నల్లది ఆరుంపావు గంటలు, నీలంది ఐదుంపావు.

ఎందుకిలా తిరగబడింది? ఆమోలెడ్ స్క్రీన్లో ఏ చుక్కకు ఆ చుక్కే వెలుగుతుంది. ఇంట్లో మామూలు వెలుగులో, నల్లటి దృశ్యాలున్న వీడియోలో అది పొదుపు. ఎండలో కనబడటానికి చుక్కలన్నీ తమ గరిష్ఠానికి లేస్తాయి, వాట్సాప్ లాంటి తెల్లటి పేజీ మీద మరీనూ. దానికి నెట్‌వర్క్ కూడా తోడైంది. యార్డులో ఒక మూల 5జి సిగ్నల్ వచ్చీ రాకుండా ఉంటుంది. ఫోను 5జికీ 4జికీ మధ్య ఊగుతూ, సిగ్నల్ కోసం వెతుకుతూ ఛార్జింగ్ తినేస్తుంది. `Preferred network type`లో 4జి ఎంచి మరో గంట చేస్తే నల్లది 14, నీలంది 15. అంటే ఏడు గంటల పది నిమిషాలకూ ఆరు గంటల నలభై నిమిషాలకూ వచ్చాయి. గంట తేడా అరగంటకు కుదించుకుపోయింది, అదీ ఒక్క సెట్టింగ్‌తో.

మీ పనికి తగ్గట్టు ఈ రెండో పరీక్షను మార్చుకోండి. బస్సులో గుంటూరు, విజయవాడ మధ్య రోజూ తిరిగేవాళ్లయితే ఆ గంట ప్రయాణంలోనే చెయ్యండి. ఎక్కువసేపు ఇంట్లో, షాపులో ఉండేవాళ్లకు మొదటి పరీక్షే అసలైనది.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి, మేం చేసింది జనవరిలో. మేలో మన ఎండలకు కథ వేరు. ఫోను వేడెక్కితే స్క్రీన్ వెలుగు దానంతటదే తగ్గిపోతుంది, ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, మరీ వేడైతే ఆగిపోతుంది. అప్పుడు ఫోను పాడైందని కంగారు పడనక్కర్లేదు, నీడకు తెస్తే సర్దుకుంటుంది. కానీ నూటికి నూరు శాతం ఎక్కించి బండి డిక్కీలో ఎండకు వదిలేస్తే మాత్రం లిథియం బ్యాటరీ తొందరగా ముసలిదైపోతుంది. సెట్టింగ్స్‌లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం ఉందో లేదో రెండు ఫోన్లలోనూ చూడండి. ఆ రోజుకు బ్యాటరీ కాస్త తక్కువొచ్చినా, మూడో ఏడాదిలో పనికొచ్చేది ఇదే.

వాడినవాళ్ల ఫోను దొరకనే దొరకలేదనుకోండి. ఒక దొంగదారి ఉంది. ఐరోపా యూనియన్లో 2025 జూన్ 20 నుంచి అమ్మకానికి పెట్టే కొత్త ఫోన్లకు, మన ఫ్రిజ్‌ల మీద స్టార్ల కాగితం ఉన్నట్టు, ఒక లేబుల్ పెట్టాలి. ఒక్క ఛార్జింగ్‌తో ఎన్ని గంటలొస్తుంది, బ్యాటరీ ఎన్ని ఛార్జింగ్‌లు తట్టుకుంటుంది అన్నవి దాని మీద ఉంటాయి. eprel.ec.europa.eu లో మోడల్ పేరు కొట్టి చూడొచ్చు. కాకపోతే మన దేశంలో అమ్మే ఫోనుకీ అక్కడ అదే పేరుతో అమ్మేదానికీ బ్యాటరీ సైజే వేరుగా ఉండటం మామూలు. ఎంఏహెచ్ కలిస్తేనే ఆ అంకెను నమ్మండి.

కెమెరా: గుప్పెడు మిరపకాయలు, ఒక తెల్ల కాగితం

రెండింటికీ 50 మెగాపిక్సెల్ అన్నారు కదా. మామూలుగా ఫొటో తీస్తే రెండూ నాలుగు చుక్కల్ని ఒకటిగా కలిపి సుమారు 12 మెగాపిక్సెల్ ఫొటోనే ఇస్తాయి. వెనక కనబడే రెండో కన్ను ఈ రేటులో చాలాసార్లు 2 మెగాపిక్సెల్‌ది. అది ఉన్నా లేనట్టే, అద్దం కింద అందానికి. కాబట్టి అంకెలు వదిలేసి, మీరు రోజూ తీసేదే తీసి చూడండి. పిల్లల ఫొటోలు తీసేవాళ్లు సాయంత్రం ఇంట్లో పరిగెత్తే పిల్లాణ్ణి తియ్యాలి. చీరలు అమ్మేవాళ్లు జరీ అంచు తియ్యాలి. శ్రీనుకైతే మిరపకాయలు.

గుప్పెడు తేజ రకం కాయలు గోనెపట్టా మీద పోయించాను. అందులో కావాలని రెండు తాలు కాయలు కలిపించాను. పక్కన ఒక తెల్ల కాగితం ముక్క. షెడ్డు నీడలో, ఫ్లాష్ లేకుండా, రెండు ఫోన్లతోనూ ఒకే ఎత్తు నుంచి మూడేసి ఫొటోలు. ఒక్కొక్కటే తీస్తే చెయ్యి వణికిందో ఫోను వణికిందో తెలియదు.

ఇప్పుడు చాలామంది పొరపాటు చేసే చోటు. ఆ ఫొటోలను ఏ ఫోనుతో తీశారో ఆ ఫోను మీదే చూడొద్దు. ఆమోలెడ్ స్క్రీన్ మీద ఏ ఫొటో అయినా పెళ్లికూతురిలా కనబడుతుంది. రెండింటి ఫొటోలనూ మూడో ఫోనుకు గానీ కంప్యూటర్‌కు గానీ పంపి, ఒకే స్క్రీన్ మీద చూడాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫొటోను కుదించేస్తుంది, క్విక్ షేర్‌లోనో, వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గానో పంపండి. శ్రీను లాంటివాళ్లు రెండూ చెయ్యాలి. వ్యాపారికి చేరేది కుదించిన ఫొటోనే కాబట్టి అది ఎలా ఉందో కూడా తెలియాలి.

ఫోన్ కెమెరాలకు ఎరుపు రంగు ఒక పరీక్ష. ఎరుపు మీద వెలుగు ఎక్కువై గరిష్ఠం తాకిందంటే అక్కడ వివరం మాయమైపోతుంది. నల్ల ఫోను ఫొటో మొదటి చూపుకు బ్రహ్మాండంగా ఉంది, ఎర్రగా నిగనిగలాడుతూ. దగ్గరికి లాగి చూస్తే కాయలన్నీ కలిసి ఎర్రగుడ్డ పరిచినట్టున్నాయి. తోలు మీది ముడతలు లేవు. తెల్లబారిన తాలు కాయలు రెండూ లేత ఎరుపెక్కి మంచి కాయల్లో కలిసిపోయాయి. "ఇది చూసి కొన్నవాడు సరుకు దిగాక నన్ను తిడతాడు" అన్నాడు శ్రీను. నీలందాని ఫొటో కాస్త చప్పగా ఉంది గానీ ముడతలు కనబడుతున్నాయి, తాలు తాలులాగే ఉంది.

తెల్ల కాగితం ఎందుకంటే, షెడ్డు మీద నీలం టార్పాలిన్ ఉన్నా, పక్కన పచ్చ గోడ ఉన్నా ఆ ఛాయ అన్నిటి మీదా పడుతుంది. మిరపకాయ అసలు రంగు మన కళ్లకు గుర్తుండదు, కాగితం తెల్లదని అందరికీ తెలుసు. ఫొటోలో కాగితం నీలంగా ఉందంటే కాయ రంగు కూడా అబద్ధమే. నీలం ఫోను ఫొటోలో కాగితం ఒక పిసరు నీలం తిరిగింది, నల్లదాన్లో తెల్లగానే ఉంది. ఇక్కడ నల్లదానికే మార్కులు.

ఒక ఫోనును కొట్టిపారేసే ముందు దాని సెట్టింగ్ ఒకసారి మార్చి చూడాలి. నల్లదాని కెమెరాలో రంగులు పెంచే బటన్ ఒకటి మొదటినుంచీ ఆన్‌లో ఉంది, తీసేశాం. తర్వాత కాయల మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగి మళ్లీ తీశాం. ముడతలు చాలావరకు తిరిగొచ్చాయి, తాలు కూడా విడిగా తేలింది. అంటే నల్లది పనికిరానిది కాదు, ప్రతి ఫొటోకూ వేలు పెట్టాలి. రోజుకు యాభై ఫొటోలు తీసేవాడికి అదొక విసుగు, వారానికి రెండు తీసేవాళ్లకు లెక్కే కాదు.

రాత్రి ఫొటో ఒక్కటే చూశాం, కొట్లో ట్యూబ్‌లైటు కింద పుస్తకం పట్టుకుని నడిచొస్తున్న మనిషిని. రెండూ మసకే. గూగుల్ ఫొటోస్‌లో ఆ ఫొటో తెరిచి పైకి జరిపితే ఎంతసేపు కన్ను తెరిచి ఉంచిందో కనబడుతుంది. నల్లది 1/17 సెకను, నీలంది 1/25. కదిలే మనిషి స్పష్టంగా రావాలంటే 1/100 దరిదాపుల్లో ఉండాలి. 15 వేలలో ట్యూబ్‌లైటు కింద అది అడగడం అత్యాశ, కాబట్టి రాత్రి ఫొటో కోసం ఈ రెండింట్లో ఒకదానికి ఓటెయ్యలేదు.

డబ్బు లెక్క

ఇప్పుడు కాగితం తీశాం. నల్లది 12,999 పెట్టి 2026 జనవరిలో కొంటే సెక్యూరిటీ మాట 2028 ఫిబ్రవరి దాకా, అంటే 25 నెలలు. నెలకు 520 రూపాయలు. నీలంది ఛార్జర్‌తో 15,098. దానికి 50 నెలల గడువుంది, కానీ నేను 48కి మించి లెక్క వెయ్యను, అప్పటికి ఈ రేటు ఫోను నెమ్మదించడం ఖాయం. మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్చాల్సి వస్తుందనుకుని 1,800 కలిపాం. మొత్తం 16,898, నెలకు 352.

ఈ లెక్క ఒకచోట బోల్తా కొడుతుంది. ఐదేళ్ల మాట ఉన్న ఫోనును 4 జీబీ ర్యామ్‌తో కొంటే, ప్యాచ్‌లు వస్తూనే ఉంటాయి గానీ వాట్సాప్ తెరవడానికే టీ తాగి రావాలి. నీలంది 6 జీబీది కాబట్టి లెక్క నిలబడింది. పదమూడు వందలు తక్కువకు దాని 4 జీబీది కూడా ఉంది, దాన్ని శ్రీనును ముట్టుకోనివ్వలేదు. రెండేళ్లకే ఫోను మార్చే అలవాటున్నవాళ్లకు మాత్రం లెక్క తిరగబడుతుంది. వాళ్లకు నల్లది చాలు, రెండు వేలు మిగులుతాయి, ఎండలో అరగంట ఎక్కువ కూడా.

శ్రీను నీలందే తీసుకున్నాడు, బడ్జెట్‌కు పైన పడ్డ 98 రూపాయలు షాపువాడితో బేరమాడి తగ్గించుకుని. డబ్బా విప్పిన రోజే 4జి పెట్టాం, 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపాం, `Software update` నొక్కాం. మార్చుకునే గడువు వారం ఉంది కాబట్టి, యాప్‌లన్నీ సర్దుకున్నాక నాలుగో రోజు అదే రెండు గంటల వీడియో పరీక్ష మళ్లీ పెట్టించాను. 13 శాతం తగ్గింది. పక్కింటి అమ్మాయి ఫోనుకు 14 కదా, కొత్త బ్యాటరీకి అంతే రావాలి. 18, 20 వచ్చి ఉంటే ఆ రోజే డబ్బా పట్టుకుని షాపుకెళ్లేవాళ్లం.

కాగితం కొంచెం నీలం తిరగడం మాత్రం మిగిలింది. అందుకని శ్రీను ప్రతి ఫొటోలోనూ పక్కన తెల్ల చీటీ పెడుతున్నాడు. మొన్న బయటి ఊరి వ్యాపారి ఒకాయన ఫోన్ చేసి, "కాయ బాగుందిగానీ, ఆ చీటీ మీద రేటు రాయడం మర్చిపోయినట్టున్నావు" అన్నాడట.